గంజాం జిల్లాలో పదేళ్లకి 1,871 మందే పెరిగారా? నా షీట్ ఒకసారి చూడండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. బరంపురంలో మా వాళ్లు వేసే ఉగాది సంచికకి వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. "ఇక్కడ తెలుగువాళ్లు ఎంతమంది" అని మొదలుపెట్టి జనగణన పట్టికలు దించుకున్నాను. వాటిని షీట్‌లో వేస్తుంటే అంతకంటే పెద్ద విషయం కంటపడింది.

1991లో గంజాం జిల్లా జనాభా 31,58,764. ఇది పాత జనగణన పుస్తకం స్కాన్‌లోంచి తీసుకున్నాను. 2001లో 31,60,635. అంటే పదేళ్లకి పెరిగింది 1,871 మంది! ఒక పెద్ద పెళ్లికి వచ్చేంత జనం. అదే పదేళ్లలో ఒడిశా మొత్తం 16 శాతం పైన పెరిగింది.

నేను వాడిన ఫార్ములా ఇది. B లో 1991, C లో 2001.

```
=(C2-B2)/B2
```

0.06% వచ్చింది. మూడుసార్లు చూశాను, అంకెలు సరిగ్గానే ఎక్కించాను. సూరత్ వలసలు, 1999 తుపాను, రెండూ ఆ పదేళ్లలోనివే కదా. "పదేళ్లు కదలని జిల్లా" అని శీర్షిక కూడా పెట్టేశాను. ఎక్కడైనా తప్పుంటే అచ్చుకి వెళ్లకముందే చెప్పండి.

సూరత్ రిటర్న్ (ఛత్రపురం)

తప్పేం లేదు అక్కా, రాసెయ్యి. నేను పద్దెనిమిదేళ్లు సూరత్‌లో మగ్గం నడిపాను. మా వీధిలో ఇంటికి ఒకడు అక్కడే ఉండేవాడు. పండక్కి రైలు దిగితే ప్లాట్‌ఫాం అంతా మనవాళ్లే. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు తప్ప మగాడు కనిపించేవాడు కాదు. ఇప్పుడు నీ లెక్క చూస్తే నేను కళ్లారా చూసిందే కాగితం మీద కనిపిస్తోంది.

గుణుపురం గిరి

ఆగండాగండి. ఫార్ములా బాగానే ఉంది, కానీ 1992లో జిల్లాలు విడిపోయాయి కదా? మా రాయగడ కూడా అప్పుడే కోరాపుట్‌లోంచి బయటికొచ్చింది. కాబట్టి 1991 లెక్కలు దేనికీ పనికిరావు, వాటిని వదిలెయ్యండి. 2001, 2011 మాత్రమే పోల్చుకోండి. 2011లో గంజాం 35,20,151. పాత పేపర్ కటింగ్‌లో ఉంది. పెరుగుదల 11.37 శాతం. మీ కథ ఇక్కడితో అయిపోయింది.

మహేంద్రతనయ

అయ్యో. పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, గజపతి జిల్లా ఎప్పుడు పుట్టిందో నాకే గుర్తు రాలేదు. సిగ్గుగా ఉంది. మరి 1991 మొత్తం పోయినట్టేనా?

పాత రికార్డు (రాయగడ)

పోలేదమ్మా. గిరి బాబు సగం సరిగ్గా చెప్పారు. జిల్లా విడిపోయిందన్నది నిజం. పాత లెక్క పనికిరాదన్నది నిజం కాదు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి పట్టికల మధ్యే ఉద్యోగం చేశాను. కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

1991 జనగణన ఆ ఏడాది మార్చి 1 నాటి లెక్క. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న ఏర్పడింది. కాబట్టి నువ్వు చూసిన స్కాన్‌లో "గంజాం" అంటే పర్లాకిమిడి వైపంతా కలిసిన పాత గంజాం. 2001 పట్టికలో "గంజాం" అంటే మిగిలిన ముక్క. పేరు ఒకటే, నేల వేరు. నిరుడు ఇల్లంతా కొలిచి, ఈ ఏడు వంటగది వదిలేసి కొలిచి, ఇల్లు పెరగలేదేమిటి అన్నట్టుంది.

దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, పాత లెక్కని ఇప్పటి హద్దులకి మార్చి చూడటం. ఈ పని జనగణన వాళ్లే చేసి పెట్టారు. 1901 నుంచి జనాభా మార్పు చూపించే ఏ-2 పట్టిక ఉంటుంది. అందులో పాత ఏళ్ల జనాభాని కొత్త జిల్లాల ప్రకారం విడదీసి ఇస్తారు. దాని ప్రకారం 1991లో ఇప్పటి గంజాం నేలమీద 27,04,056 మంది, ఇప్పటి గజపతి నేలమీద 4,54,708 మంది. ఈ రెండూ కూడి చూడు. 31,58,764 వస్తుంది, నీ స్కాన్‌లో ఉన్న అంకె అణా పైసలతో సహా. ఇలా కూడి చూసుకోవడం మానవద్దు. కూడిక కలిసిందంటే గజపతి మొత్తం గంజాంలోంచే వచ్చిందని, మధ్యలో మరో జిల్లా ముక్క ఏదీ కలవలేదని నమ్మకం కుదురుతుంది.

రెండో దారి ఇంకా తేలిక. పాతదాన్ని చీల్చే బదులు కొత్తవాటిని కలిపెయ్. 2001కీ 2011కీ గంజాం, గజపతి కూడి, ఆ మొత్తాన్ని పాత గంజాంతో పోల్చు. ఏ-2లో జనాభా మాత్రమే ఉంటుంది. భాష, వృత్తి వంటి పట్టికల్లో పాత ఏళ్లని ఎవరూ విడదీసి ఇవ్వరు. అక్కడ ఈ కలిపే దారే దిక్కు. గిరి బాబూ, మీ పాత కోరాపుట్‌కి కూడా ఇదే పద్ధతి. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ నాలుగూ కూడితే పాతది వస్తుంది.

ఇంకొక్క మాట. మీ 35,20,151 మొదట వెలువడిన తాత్కాలిక లెక్క. తుది లెక్క 35,29,031. తేడా తొమ్మిది వేల లోపే, కానీ శాతం 11.37 నుంచి 11.66కి మారుతుంది. 2001కి తుది లెక్క, 2011కి తాత్కాలికం కలిపి వాడకూడదు. పేపర్ కటింగ్‌లో ఉండేది దాదాపు ఎప్పుడూ తాత్కాలికమే, ఎందుకంటే వార్త అయ్యేది అదే. తుది లెక్క వచ్చేనాటికి ఎవరికీ ఆసక్తి ఉండదు.

గుణుపురం గిరి

ఒప్పుకున్నాను మాస్టారూ. ఆ కటింగ్ పదిహేనేళ్లుగా బీరువాలో దాచుకున్నాను, అదే ప్రమాణం అనుకున్నాను.

వలస పక్షి

సార్, 1951 జనగణన రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? మా తాతగారు గంజాం నుంచి ఇచ్ఛాపురం వచ్చేశారు. నివాస ధ్రువపత్రానికి ఆయన పేరున్న కాగితం అడుగుతున్నారు. మీరు పాత స్కాన్ అన్నారు కదా, అందులో పేర్లుంటాయా?

పాత రికార్డు

ఉండవు బాబూ. మేం మాట్లాడేది ఊరికీ జిల్లాకీ కూడిన మొత్తాల గురించి. మనిషి పేరుతో రాసుకున్న వివరాలు 1948 జనగణన చట్టం ప్రకారం రహస్యం. ఎవరికీ చూపించరు, సాక్ష్యంగా కూడా చెల్లవు. మీ పనికి పాత ఓటర్ల జాబితా, భూమి రికార్డు, బడి రిజిస్టరు ప్రయత్నించండి.

సిరొంచ శీను

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదావరి దాటితే కాళేశ్వరం. మీ ముచ్చట చదివి నవ్వొచ్చింది. మా దగ్గర ఒకాయన చంద్రపూర్ జనాభా 1981 నుంచి 1991కి లక్షల్లో పడిపోయిందని, అంతా అడవి కష్టాల వల్లేనని ఒక సభలో చెప్పిండు. జనం చప్పట్లు కొట్టిన్రు. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి విడిపోయిందన్నది ఆ హాల్లో ఒక్కడికీ గుర్తు రాలే. నాకూ రాలే. ఇప్పుడు వచ్చింది.

మీ గంజాంది ఇంకా మాయ లెక్క అన్నా. మాది తగ్గినట్టు కనబడింది కాబట్టి ఎవడైనా అనుమానించొచ్చు. మీది పోయిన ముక్క, పెరిగిన జనం దాదాపు సమానం అయినయి కాబట్టి "కదలలేదు" అన్నట్టు కనబడింది.

పాత రికార్డు

శీను గారు అసలు కీలకం పట్టుకున్నారు. గజపతి రూపంలో బయటికి పోయింది సుమారు 4.55 లక్షలు. మిగిలిన గంజాం పదేళ్లలో పెరిగింది సుమారు 4.57 లక్షలు. ఒకటి రెండోదాన్ని మింగేసింది. మిగిలిన చిల్లరే ఆ 1,871. అంకె మరీ వింతగా ఉంటే నేను ముందు హద్దు మారిందా, నిర్వచనం మారిందా అని చూస్తాను. మనుషుల సంగతి ఆ తర్వాత.

మహేంద్రతనయ

రాత్రి కూర్చుని మళ్లీ చేశాను. ఈసారి కలిపే దారిలో. "పాత గంజాం" అంటే గంజాం, గజపతి కలిపి.

```
                1991          2001          2011
గంజాం         27,04,056     31,60,635     35,29,031
గజపతి          4,54,708      5,18,837      5,77,817
పాత గంజాం     31,58,764     36,79,472     41,06,848
ఒడిశా        3,16,59,736   3,68,04,660   4,19,74,218
```

పెరుగుదల:

```
              1991-2001    2001-2011
పాత గంజాం      16.48%       11.62%
ఒడిశా          16.25%       14.05%
```

మొదట కూడిక ఒక గడిలో తప్పొచ్చింది. చూస్తే పీడీఎఫ్ నుంచి అతికించిన అంకె గడిలో ఎడమవైపుకి అంటుకుని ఉంది, మిగతావి కుడివైపు ఉన్నాయి. షీట్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా చూసి, `SUM` లో కలపకుండా వదిలేసింది. చేత్తో మళ్లీ టైప్ చేస్తే కుదిరింది.

నా పాత కథ చచ్చింది. కానీ దాని కిందనుంచి ఇంకోటి లేచింది. తొంభైల్లో మనం రాష్ట్రంతో సమానంగా, ఒక వెంట్రుక ఎక్కువగానే పెరిగాం. 2000 తర్వాత రాష్ట్రమూ నెమ్మదించింది, మనం ఇంకా ఎక్కువ నెమ్మదించాం. వ్యాసం మొదటి వాక్యం ఇలా రాశాను: "గంజాం ప్రాంత జనాభా 29 శాతం తగ్గింది." 16.48 నుంచి 11.62 అంటే 29.5 శాతం తగ్గినట్టే కదా?

గుణుపురం గిరి

29 ఎక్కడిది? 16.48లోంచి 11.62 తీస్తే 4.86. "4.86 శాతం తగ్గింది" అని రాయాలి.

పాత రికార్డు

ఇద్దరూ ఒక మెట్టు జారారు. నెమ్మదిగా చూద్దాం.

జనాభా అసలు తగ్గలేదు. 36.79 లక్షల నుంచి 41.07 లక్షలకి పెరిగింది. తగ్గింది పెరిగే వేగం. ఆటో గంటకి నలభై నుంచి ముప్పైకి వస్తే వెనక్కి నడిచిందనం కదా. కాబట్టి అమ్మా, నీ వాక్యంలో "జనాభా తగ్గింది" అన్నది పచ్చి తప్పు. చదివినవాడు ఊళ్లు ఖాళీ అయ్యాయనుకుంటాడు.

ఇక 29 శాతమా, 4.86 శాతమా అన్నది. 16.48, 11.62 రెండూ శాతాలే. ఒక శాతంలోంచి ఇంకో శాతం తీసేస్తే వచ్చేవి పాయింట్లు. "పెరుగుదల రేటు 4.86 పాయింట్లు తగ్గింది" అంటే ఒప్పు. "4.86 శాతం తగ్గింది" అంటే పాత రేటులో నూటికి ఐదు వంతులు కూడా తగ్గలేదని అర్థం, అది తప్పు. 29.5 శాతం లెక్కగా ఒప్పే, కానీ అది "రేటులో తగ్గుదల". రేటు తగ్గిన శాతం అనే మాట ఎంత జాగ్రత్తగా రాసినా పాఠకుడు జనాభాకే అంటగడతాడు. నేనైతే దాని జోలికి పోను.

నేను రాస్తే మనుషుల లెక్కలోకి దిగుతాను. మొదటి పదేళ్లలో చేరినవాళ్లు 5,20,708. తర్వాతి పదేళ్లలో చేరినవాళ్లు 4,27,376. అంటే 93 వేల మంది తక్కువ. "ముందు పదేళ్లలో ఐదుగురు చేరిన చోట తర్వాతి పదేళ్లలో నలుగురే చేరారు" అంటే టీ కొట్టు దగ్గర కూడా అర్థమవుతుంది, లెక్కకీ దాదాపు సరిపోతుంది. ఆ "దాదాపు" అన్న మాట మాత్రం వాక్యంలో ఉండాలి.

మహేంద్రతనయ

ఐదుగురికి నలుగురు. ఇది తీసుకుంటున్నాను.

ఇప్పుడు తెలుగు సంగతి. నవ్వకండి. భాషల పట్టిక, అంటే సీ-16 నుంచి దేశం మొత్తానికి తెలుగు లెక్క ముందు సరిచూసుకుందామని కూడాను. 2011లో 16.2 కోట్ల మంది తెలుగువాళ్లు వచ్చారు. ఇంతమంది ఎప్పుడయ్యాం? నా షీట్:

```
TELUGU    8,11,27,740
Telugu    8,09,12,459
Vadari      1,98,020
Others        17,261
```

ఫార్ములా:

```
=SUMIF(A:A,"Telugu",B:B)
```

సిరొంచ శీను

16 కోట్లు! ఇగ మన భాషకి ఢోకా లేదు.

గుణుపురం గిరి

ఇది నాకు తెలుసు, ఈసారి పూర్తిగానే తెలుసు. `SUMIF` పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా చూడదు. `TELUGU`, `Telugu` రెండూ దానికి ఒకటే. కాబట్టి రెండు వరుసలూ కూడేసింది. 8.11, 8.09 కలిపితే 16.2. మా కొట్టు స్టాకు షీట్‌లో ఇలాగే ఒకసారి కందిపప్పు రెండింతలైంది. సంక్రాంతి ముందు సరుకు తెప్పించకుండా కూర్చున్నాను.

పాత రికార్డు

భేష్. ఆ పట్టికలో పెద్ద అక్షరాల వరుస భాష మొత్తం. దాని కింద చిన్న అక్షరాలతో ఉన్నవి ఆ మొత్తంలోని ముక్కలు, అంటే జనం తమ మాతృభాష అని చెప్పిన పేర్లు. తెలుగు కింద తెలుగు, వడరి, ఇతరాలు ఉన్నాయి. కింది మూడూ కూడితే పైది రావాలి. 8,09,12,459కి 1,98,020, 17,261 కలిపి చూడండి, సరిగ్గా 8,11,27,740. అలా కలిశాక పై వరుస ఒక్కటే ఉంచుకుని మిగతావి వేరే షీట్‌కి పంపెయ్. ఫార్ములా తెలివి కంటే వరుసలు తగ్గించడం మేలు.

ఆ పట్టికలో ప్రతి వరుసకీ కోడ్ కూడా ఉంటుంది. తెలుగు మొత్తానిది `021000`. షీట్ తెరవగానే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకుంటే పోదు.

మహేంద్రతనయ

కుదిరింది. 2001లో తెలుగువాళ్లు 7,40,02,856, అంటే దేశంలో 7.19 శాతం. 2011లో 8,11,27,740, అంటే 6.70 శాతం. గిరి గారూ, ఇప్పుడు నేనే చెబుతాను, తప్పయితే పట్టుకోండి. వాటా 0.49 పాయింట్లు తగ్గింది. తెలుగువాళ్లు మాత్రం 71 లక్షలు పెరిగారు, అంటే 9.6 శాతం. దేశం 17.7 శాతం పెరిగింది కాబట్టి మన వాటా చిక్కింది. "తెలుగువాళ్లు తగ్గిపోతున్నారు" అన్నది తప్పు. "తెలుగువాళ్ల వాటా తగ్గింది" అన్నది ఒప్పు.

గుణుపురం గిరి

పట్టుకోవడానికి ఏమీ మిగల్చలేదు. కానీ మన జిల్లాల లెక్క వేరేగా ఉండొచ్చు కదా? మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లలో పిల్లలు ఒడియాలోనే జవాబిస్తారు. లెక్కవాడు వస్తే ఏం రాయిస్తారో?

పాత రికార్డు

అదే చిక్కు. మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష అని జనగణన నిర్వచనం. ఇంట్లోవాళ్లు చెప్పిందే రాసుకుంటారు, పరీక్ష పెట్టరు. కాబట్టి ఒక జిల్లాలో తెలుగు లెక్క తగ్గితే మనుషులు వెళ్లిపోయారా, చెప్పే జవాబు మారిందా అన్నది ఆ పట్టిక చెప్పలేదు. "తెలుగు మాతృభాషగా నమోదైనవారు" అని రాయి, "తెలుగువాళ్లు" అనకు. మాట కాస్త బరువుగా ఉంటుంది, పర్వాలేదు.

సూరత్ రిటర్న్

అందరూ లెక్కల్లో పడి నన్ను మర్చిపోయారు. 1,871 కథ పోతే పోయింది. ఇప్పుడు వేగం తగ్గిందని తేలింది కదా, దానికి కారణం సూరత్ కాక మరేమిటి? అది మాత్రం రాయి అక్కా.

మహేంద్రతనయ

రాద్దామనే ఉంది తమ్ముడూ. మాస్టారు ఏమంటారో?

పాత రికార్డు

వలస లేదని నేననను. గంజాం నుంచి సూరత్‌కి జనం వెళ్లడం లోకానికి తెలుసు. కానీ మన చేతిలో ఉన్న పట్టిక పెరుగుదల నెమ్మదించిందనే చెబుతోంది, ఎందుకో చెప్పడం లేదు. పుట్టేవాళ్లు తగ్గినా ఇలాగే కనబడుతుంది. ఆ పదేళ్లలో రాష్ట్రమంతటా కాన్పులు తగ్గాయి.

ఒక పరీక్ష చేసుకోవచ్చు. తమ్ముడు చెప్పినట్టు మగవాళ్లే వెళ్లిపోతే, ఉన్నచోట ఆడవాళ్ల వాటా పెరగాలి కదా? గంజాంలో 2001లో వెయ్యి మంది మగవాళ్లకి 998 మంది ఆడవాళ్లు. 2011లో 983. పెరగలేదు, తగ్గింది! గజపతిలో మాత్రం 1,031 నుంచి 1,043కి పెరిగింది. అంటే సూరత్ పేరు ఎక్కువగా వినబడే గంజాంలో లెక్క అటు తిరిగింది.

దీంతో వలస కథ అబద్ధమని తేలిపోదు. 2001 నాటికే వెళ్లేవాళ్లు వెళ్లిపోయి ఉండొచ్చు. మొదట మగవాళ్లు వెళ్లి, తర్వాత పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లి ఉండొచ్చు. చిన్నపిల్లల్లో ఆడపిల్లలు తగ్గడం కూడా ఇందులో కలిసి ఉండొచ్చు. వయసులవారీ సీ-14 పట్టిక తీసి, 20 నుంచి 34 ఏళ్ల మగవాళ్లనీ ఆడవాళ్లనీ విడిగా చూస్తే కొంత తెలుస్తుంది. అందులోనే సున్నా నుంచి నాలుగేళ్ల పిల్లల వరుస కూడా చూసుకుంటే కాన్పుల సంగతీ కొంత తెలుస్తుంది. ఇవి చూడకుండా "సూరత్ వల్ల" అని రాస్తే మొదటి 1,871 కథ లాంటిదే ఇంకోటి అవుతుంది.

సూరత్ రిటర్న్

కళ్లతో చూసింది కాదంటే ఎలా మాస్టారూ.

పాత రికార్డు

కాదనడం లేదు బాబూ. నువ్వు చూసింది మీ వీధి. ఈ పట్టిక 35 లక్షల మందిది. ఇంతకీ నిన్నడుగుతాను, 2011 ఫిబ్రవరిలో నువ్వెక్కడున్నావు?

సూరత్ రిటర్న్

సూరత్‌లోనే. అక్కడ రూముకి లెక్కవాడొచ్చి పేరు రాసుకున్నాడు. ఇక్కడ మా అమ్మ కూడా నా పేరు రాయించిందట. "మా అబ్బాయి మా ఇంటివాడే, రాయకపోతే ఎలా" అందట.

పాత రికార్డు

చూశారా! రూలు ప్రకారం లెక్కించే ఆ ఇరవై రోజులూ, అంటే ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా, ఊళ్లో లేనివాణ్ని ఊళ్లో రాయకూడదు, ఉన్నచోటే రాయాలి. కానీ తల్లి కొడుకు పేరు చెబితే కాదనడం కష్టం. ఇలా రెండు చోట్లా లెక్కకెక్కినవాళ్లు గంజాంలో ఎంతమందో మన షీట్ ఏ మూలా చెప్పదు. మగవాళ్ల లెక్క ఎక్కువ కనబడటానికి ఇదీ ఒక కారణం కావొచ్చు, కాకపోవచ్చు.

సిరొంచ శీను

అంటే కథ మొత్తం అమ్మ చేతిలో ఉందన్నమాట.

మహేంద్రతనయ

మొదటి పేరా ఇలా తిరగరాశాను. చీల్చి చెండాడండి.

"పాత గంజాం, అంటే నేటి గంజాం, గజపతి జిల్లాలు కలిసిన ప్రాంతం, 1991 నుంచి 2001 వరకు ఒడిశాతో దాదాపు సమానంగా పెరిగింది. ఆ తర్వాతి పదేళ్లలో రాష్ట్రం 14.05 శాతం పెరగ్గా ఈ ప్రాంతం 11.62 శాతమే పెరిగింది. ముందు పదేళ్లలో ఐదుగురు చేరిన చోట తర్వాత దాదాపు నలుగురే చేరారు. వలసలే కారణమని ఇక్కడ చాలామంది నమ్ముతారు. జనగణనలోని ఆడ, మగ లెక్క మాత్రం ఆ మాటకి సూటిగా మద్దతివ్వడం లేదు."

ఇది చదివి సంచిక చూసే పెద్దాయన ఫోన్ చేశారు. "పాత శీర్షికే బాగుందమ్మా, పదేళ్లు కదలని జిల్లా అంటే జనం చదువుతారు" అన్నారు. గజపతి సంగతి చెప్పాను. కాసేపు ఆగి, "ఆ మాట చివర్లో ఒక చుక్క పెట్టి కింద వేద్దాం" అన్నారు. కుదరదన్నాను. ఇంకా తేలలేదు.

గుణుపురం గిరి

ఒక్క సవరణ. 2011 అంటే ఇప్పటికి ఎంత పాతదో వాక్యంలో రాయండి. 2021లో జనగణన జరగలేదు. ఇవి "ఇప్పటి" అంకెలని చదివేవాళ్లు అనుకుంటారు.

మహేంద్రతనయ

రాస్తాను. సీ-14 కూడా దించాను, 20–34 వయసు వరుసలు తీస్తున్నాను. గంజాం, గజపతి వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి. ఒకదాంట్లో వయసు "10-14" అన్న గడి తేదీగా మారిపోయి అక్టోబరు 14 అని చూపిస్తోంది. రేపు చూసుకుంటాను.

సూరత్ రిటర్న్

2027లో మళ్లీ లెక్కకొస్తారు కదా మాస్టారూ. నేనిప్పుడు ఊళ్లోనే ఉన్నాను, కొడుకు సూరత్‌లో ఉన్నాడు. మా ఆవిడ వాడి పేరు చెప్పకుండా ఊరుకోదు. నన్నేం చెయ్యమంటారు?